పాఠంలో లేని మాట

మొన్న రాయకోటలో మా రాత్రి బడి ముగిసిన రోజు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నేను నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి చెప్పినాను.

“అక్కల్లారా, 1991లో ఆ జిల్లాలో అక్షరదీపం అని చదువు ఉద్యమం మొదలైంది. రాత్రి బడిలో కలిసిన దూబగుంట ఆడోళ్లు తమ ఊళ్లో సారా అంగడి మూయించినారు. తర్వాత వాళ్ల కథనే పుస్తకంలో పాఠంగా వేసినారు. అది చదివి మిగతా ఊళ్ల ఆడోళ్లూ లేచినారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రలో సారా నిషేధమైంది.

మన బడిలో అవ్వ మొదట పాఠమంతా గడగడా అప్పజెప్పేది. బొమ్మ మూసి, నడిమి మాట చూపిస్తే నోరు రాలేదు. అది చదువు కాదు, జ్ఞాపకం. మళ్లీ ఒక్కో అక్షరం కూడబలుక్కొంది. పోయిన వారం కుప్పం నుంచి కూతురు రాసిన పాత జాబు తానే చదివింది.”

అంతలో అవ్వ లేచి అనింది: “అల్లుడు కొడతాడని అందులో ఉండాది. అప్పుడు చదివినోళ్లు ఆ మాట నాకు చెప్పలే.”

నా ప్రసంగం అక్కడే ఆగిపోయింది.