నొప్పి తగ్గిన చెయ్యే ముందు కోయాలి

“కుడి చెయ్యి మంచిగనే అయింది సారూ. ఎడమదే రాత్రి పండనిస్తలేదు, దానికి మందియ్యండి.” నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఆమె యాభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి బీడీలు చుడుతోంది. రెండేళ్ల కింద రెండు చేతులూ తిమ్మిరెక్కితే ఎవరో మెడ నరం అని చెప్పి బి-కాంప్లెక్స్ రాశారు. కొన్ని నెలలకు కుడి చేతి నొప్పి దానంతటదే తగ్గింది. కానీ ఈ మధ్య బీడీకి దారం కడుతుంటే కుడి బొటనవేలు పట్టు జారిపోతోందట. అది వయసు వల్ల వచ్చిందనుకుంది.

మణికట్టు లోపల అరచేతి వైపు ఒక ఇరుకైన దారి ఉంది. అడుగున, పక్కల చిన్న ఎముకలు, పైన సాగని మందపాటి పట్టీ. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయుబంధాలూ, వాటితోపాటు మీడియన్ నరమూ అందులోంచే వెళ్లాలి. స్నాయుబంధాల చుట్టూ ఉన్న పొర కాస్త ఉబ్బినా నలిగేది నరమే. మామూలు మనిషిలో అక్కడి ఒత్తిడి రెండు మూడు మిల్లీమీటర్ల పాదరసానికి మించదు. నరం ఇలా నలిగే జబ్బులో ముప్పై దాకా ఉంటుంది, మణికట్టు పూర్తిగా వంచితే తొంభై దాటుతుంది. నిద్రలో చెయ్యి ముడుచుకుంటుంది కాబట్టే అర్ధరాత్రి లేచి చేతులు విదిలించుకుంటారు.

ఆమెకు చిటికెన వేలికి స్పర్శ బాగానే ఉంది. ఉంగరం వేలిలో బొటనవేలి వైపు సగమే మొద్దుబారింది. బొటనవేలి మొదట్లోని అరచేతి చర్మానికీ స్పర్శ ఉంది, ఎందుకంటే దానికి వెళ్లే కొమ్మ ఆ ఇరుకులోకి రాకుండా పైనుంచే పోతుంది. అక్కడ కూడా మొద్దుబారి ఉంటే మణికట్టును వదిలి ఇంకా పైన వెతికేవాణ్ణి. కుడి బొటనవేలి కింది కండ మాత్రం పల్లంలా దిగిపోయింది. అరచేతి మీంచి బొటనవేలిని నిటారుగా లేపమంటే, నేను ఒక్క వేలితో ఆపినా ఆగిపోయింది.

నరాల వేగం చూసే పరీక్ష చేశాం. చలికాలం కాబట్టి ముందు చేతులు వెచ్చబెట్టాం. చల్లటి చేతిలో మంచి నరం కూడా నిదానంగానే నడుస్తుంది, లేని జబ్బు రిపోర్టుకెక్కుతుంది. ఎడమ చేతిలో అరచేతి నుంచి మణికట్టుకు అదే దూరం రావడానికి మీడియన్ నరం పక్కనున్న అల్నార్ నరం కంటే 0.7 మిల్లీసెకన్లు ఎక్కువ తీసుకుంది. 0.4 దాటితే తేడా ఉన్నట్టే. కండకు వెళ్లే సంకేతం మాత్రం వేళకే, నిండుగా చేరింది. అంటే నరం మీది పొర దెబ్బతింది, లోపలి తీగలు బాగానే ఉన్నాయి. కుడి చేతిలో స్పర్శ సంకేతం అసలు రాలేదు. కండ సంకేతం నాలుగున్నర లోపు రావాల్సింది ఏడు మిల్లీసెకన్లకు వచ్చింది, ఎత్తు 1.6 మిల్లీవోల్టులే. నిదానంగా రావడం కన్నా ఈ ఎత్తు పడిపోవడమే నన్ను కలవరపెట్టింది. తీగలే చచ్చిపోతున్నాయన్నమాట. నొప్పిని మోసుకెళ్లే తీగలూ పోయాయి, అందుకే ఆ చెయ్యి “మంచిగ” అనిపించింది.

ఎడమ చేతికి రాత్రిపూట స్ప్లింట్ ఇచ్చాను. మందుల షాపులో దొరికేవి చాలావరకు మణికట్టును వెనక్కి వంచి ఉంచుతాయి, దానివల్ల లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. లోపలి లోహపు పట్టీని తీసి నిటారుగా వంచి కట్టాను. స్ప్లింట్ వాడినా గుణం కనిపించలేదని వచ్చేవాళ్ల దగ్గర ముందు ఆ పట్టీనే చూస్తాను.

కుడి చేతికి ఆపరేషనే అన్నాను. “నొయ్యని చెయ్యిని కోస్తరా?” అంది కోడలు. ఆమె ప్రశ్నలో న్యాయముంది. 2002లో అచ్చయిన నెదర్లాండ్స్ అధ్యయనంలో ఈ జబ్బున్న 176 మందిని రెండు జట్లు చేస్తే, ఏడాదిన్నరకు ఆపరేషన్ జట్టులో 90 శాతం, స్ప్లింట్ జట్టులో 75 శాతం బాగుపడ్డారు. అయితే స్ప్లింట్ జట్టులో 41 శాతం మంది ఆలోగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. పైగా కండ బాగా అరిగినవాళ్లను అందులో చేర్చుకోలేదు. ఆ లెక్కలు అత్త ఎడమ చేతికి పనికొస్తాయి, కుడి చేతికి కాదు.

మత్తు చేతికి మాత్రమే ఇచ్చి, ఉంగరం వేలికి సూటిగా మూడు సెంటీమీటర్లు కోసి, నరాన్ని నొక్కుతున్న ఆ మందపాటి పట్టీని తెగ్గొట్టారు సర్జన్. బొటనవేలి కండకు పోయే కొమ్మ అవతలి పక్కన ఉంటుంది కాబట్టి కోత ఇటు జరుపుతారు. వేళ్ల వైపు చివర కొంచెం కోయకుండా వదిలేస్తే జబ్బు మిగిలిపోతుంది, మళ్లీ కోయించుకోవాల్సి రావడానికి తరచూ అదే కారణం.

మూడు నెలలు అరచేతి మొదట్లో ఒత్తితే నొప్పి ఉంది, చాట ఎత్తలేకపోయింది. ఏడాదికి చూపుడు వేలికి కొంత స్పర్శ వచ్చింది, పరీక్షలో చిన్న అల కనిపించింది. కండ మాత్రం నిండలేదు. ఎడమ చెయ్యి రెండు నెలల్లో రాత్రులు నిద్రపోనిచ్చింది. ఆరు నెలలకోసారి ఆ చేతి కండ సంకేతం ఎత్తు చూస్తున్నాను. అది తగ్గడం మొదలైతే, ఆమె నొప్పి ఉందన్నా లేదన్నా, ఎడమ చేతికీ కోతే.