పచ్చిగుడ్డు లెక్క

'రాకీ' (1976) సినిమాలో సిల్వెస్టర్ స్టాలోన్ తెల్లవారుజామున లేచి, ఐదు గుడ్లు గ్లాసులోకి కొట్టి, నిలబడే గటగటా తాగేస్తాడు. నాకా దృశ్యంలో ఎప్పుడూ కనిపించేది బలం కాదు, ఒంటరితనం. పొయ్యి వెలిగించి పెట్టే మనిషి లేని ఇల్లు అది. కానీ సినిమాలు మనం అనుకున్న అర్థంతో ఊళ్ళలోకి రావు. ఆ గ్లాసు ఒక్కటే ఫ్రేములోంచి బయటపడి ప్రపంచంలోని జిమ్ములన్నీ తిరిగింది. మా నూజివీడుకీ వచ్చింది.

మా వైపు మామిడితోటల పక్కనే కోళ్ళఫారాలుంటాయి. గుడ్లకి కొదవ లేదు. మా బాబాయి కొడుకు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పొద్దున్నే పరుగు, తర్వాత ఆరు పచ్చిగుడ్లు. వేసవిలో అయితే చిన్నరసాల గుజ్జులో పాలు పోసి, అందులోనే గుడ్లు కొట్టి మిక్సీలో తిప్పుతాడు. "ఉడకబెడితే సత్తువ పోద్ది అన్నయ్యా" అంటాడు. మామిడిపండు తినే ఊళ్ళో ఈ మాట సహజంగానే పుడుతుంది. రసం పిండుకుని తినేదాన్ని ఎవరూ ఉడకబెట్టరు. వేడికి సి విటమిన్ పోతుందని బళ్ళోనే చదువుకున్నాం. పండు విషయంలో నిజమైనది గుడ్డు విషయంలో తలకిందులవుతుందన్నదే ఇక్కడి సంగతి.

పచ్చి తెల్లసొనలోని ప్రొటీన్లు ఉండచుట్టిన దారపు బంతుల్లా బిగుసుకుని ఉంటాయి. మన జీర్ణరసాలకి కొస దొరకదు. పైగా ఆ రసాలకే అడ్డం పడే ప్రొటీన్లు కొన్ని తెల్లసొనలో ఉన్నాయి. వేడి తగిలితే బంతులు విడిపోతాయి, అడ్డుపడేవి చాలావరకు చచ్చుబడతాయి.

ఇది ఎంత తేడా తెస్తుందో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1998లో కొలిచారు. కొలిచిన పద్ధతి కోళ్ళ పెంపకం తెలిసినవాళ్ళకి నచ్చుతుంది. ముందు కోళ్ళకే గుర్తుపట్టగలిగే కార్బన్, నైట్రోజన్ పరమాణువులున్న మేత పెట్టారు. దాంతో గుడ్డులోని ప్రొటీన్‌కే ముద్ర పడింది. తర్వాత చిన్నపేగు చివర్ని శస్త్రచికిత్సతో పొట్ట బయటికి తెరిచిన ఐదుగురు రోగులకి ఆ గుడ్లు పెట్టి, అరగకుండా బయటికొచ్చినదెంతో చూశారు. వండిన గుడ్డు ప్రొటీన్ 91 శాతం దాకా అరిగింది, పచ్చిది 51 శాతమే. మామూలు మనుషుల్లో అయితే ఆ మిగిలినది పెద్దపేగులోకి పోయి అక్కడి బాక్టీరియాకి విందవుతుంది. మావాడి పొట్టలో గ్యాసు గురించి ఇంట్లో నడిచే జోకులకి ఇదొక వివరణ కావచ్చు.

మావాడి లెక్కలో చెప్పాలంటే, ఆరు గుడ్లలో సుమారు 36 గ్రాముల ప్రొటీన్. ఉడకబెడితే 33 దాకా ఒంటికి పడుతుంది, పచ్చిగా తాగితే 18 చిల్లర. అంటే రోజుకి రెండుమూడు గుడ్లు డ్రైనేజీలో పోసినట్టు.

ఐతే ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు బరువులెత్తిన కుర్రాళ్ళకి ఐదేసి గుడ్లు, కొందరికి పచ్చివి, కొందరికి ఉడికించినవి ఇచ్చారు. పచ్చివి తాగినవాళ్ళ రక్తంలో ముఖ్యమైన అమైనో ఆమ్లాలు అంతగా పెరగలేదు. కానీ తర్వాతి ఐదు గంటల్లో కండలో కొత్త ప్రొటీన్ తయారైన వేగం ఇద్దరిలోనూ ఒకటే. ఐదు గుడ్లు తాగితే, కొంత వృథా పోయినా ఆ పూటకి సరిపడా మిగిలిందేమో. కాబట్టి పచ్చిగుడ్డు తాగితే కండ రాదని నేననను. ఉడికించినదానికంటే ఎక్కువ వస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు.

ఇక బయోటిన్. 1927లో లండన్‌లో మార్గరెట్ బోవాస్ ఎలుకలకి ప్రొటీన్ కోసం పచ్చి తెల్లసొన పొడి పెడితే వాటి చర్మం చెడింది, బొచ్చు ఊడింది. వేడిచేసిన తెల్లసొన పెడితే ఏమీ కాలేదు. ఇందులో దోషి అవిడిన్ అనే ప్రొటీన్ అని 1940 ప్రాంతంలో తేలింది. ఒక్కో అవిడిన్ అణువు నాలుగు బయోటిన్ అణువుల్ని పట్టుకుంటుంది. జీవరసాయనంలో తెలిసిన అత్యంత గట్టి పట్టుల్లో అదొకటి. పట్టుబడిన బయోటిన్ అరగదు, పేగు దాటి బయటికే పోతుంది.

ఒక గుడ్డు తెల్లసొనలో ఉండే అవిడిన్ రెండు మిల్లీగ్రాముల లోపే. కానీ అది దాదాపు 25 మైక్రోగ్రాముల బయోటిన్‌ని బంధించగలదు. అదే గుడ్డులో ఉండే బయోటిన్ 10 మైక్రోగ్రాములు, అదీ ఎక్కువభాగం పచ్చసొనలోనే. అంటే గుడ్డు తను ఇచ్చేదాన్ని తనే లాక్కుని, పక్కన తిన్న వేరుశెనగల్లోదాని మీద కూడా చెయ్యి వేయగలదు. మామిడిగుజ్జులో కలిపినంత మాత్రాన ఈ పట్టు సడలదు. దానికి కావాల్సింది వేడి. అదీ తెల్లసొన పూర్తిగా గట్టిపడేంత. హాఫ్‌బాయిల్‌లో కొంత అవిడిన్ మిగిలే ఉంటుంది.

మరి ప్రమాదమా? 1942లో అమెరికాలో సైడెన్‌స్ట్రైకర్ అనే వైద్యుడు నలుగురు వాలంటీర్లకి బయోటిన్ తక్కువున్న తిండితో పాటు రోజుకి 200 గ్రాముల పచ్చి తెల్లసొన పొడి పెట్టాడు. దాదాపు 50 గుడ్ల తెల్లసొనతో సమానం. అంత తిన్నా చర్మం పొలుసులు లేవడానికి మూడు నాలుగు వారాలు పట్టింది. తర్వాత నీరసం, కండరాల నొప్పులు. బయోటిన్ ఇంజెక్షన్లిస్తే కొద్దిరోజుల్లో తగ్గాయి. కాబట్టి ఎప్పుడో రెండు పచ్చిగుడ్లు తాగినవాడికి బయోటిన్ గురించి దిగులక్కర్లేదు. నెలల తరబడి రోజూ అరడజను తాగుతూ, కళ్ళూ ముక్కూ నోటి చుట్టూ ఎర్రటి పొలుసులు, జుట్టు ఊడటం కనిపిస్తే అనుమానించాలి. దానికంటే దగ్గరి ప్రమాదం సాల్మొనెల్లా. విరేచనాలతో పరుగుపందెం రోజు మంచమెక్కడానికి ఒక్క చెడ్డ గుడ్డు చాలు.

మావాడికి జుట్టు రాలుతోంది. అవిడిన్ వల్లేనని చెప్పలేను, వాళ్ళ నాన్నదీ బట్టతలే. ఐతే వాడు చేసిన పని చూడండి: మందులషాపుకెళ్ళి 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్రలు కొన్నాడు. పొద్దున గ్లాసులో బయోటిన్ దొంగ, రాత్రి బయోటిన్ మాత్ర. గెలుపు మాత్రదే. ఆరు గుడ్ల అవిడిన్ 150 మైక్రోగ్రాములు పట్టుకుంటే, మాత్రలో ఉన్నది పదివేలు. మనిషికి రోజుకి కావలసింది మాత్రం 30.

నన్ను కలవరపెట్టింది గుడ్లు కాదు, ఆ సీసా. జుట్టుకి మంచిదట అని పిన్ని కూడా అందులోంచి రోజూ ఒకటి వేసుకుంటోంది. ఆవిడకి థైరాయిడ్ ఉంది. ల్యాబుల్లో చేసే థైరాయిడ్ పరీక్షలు చాలావాటిలో అవిడిన్‌కి చుట్టమైన స్ట్రెప్టావిడిన్‌నే కొక్కెంలా వాడతారు, బయోటిన్‌ని పట్టుకునే ఆ గుణం కోసమే. రక్తంలో బయోటిన్ పొంగిపొర్లుతుంటే కొక్కేలన్నీ ముందే నిండిపోయి రిపోర్టు తప్పుగా వస్తుంది. టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా కనబడి, డాక్టరు మాత్ర మోతాదు తగ్గించే వీలుంది. ఇలాంటి తప్పుడు ఫలితాల గురించి 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్ కూడా అందులో ఉంది.

మావాడితో వాదించలేదు. కుక్కర్లో ఇడ్లీల కింద గుడ్లు పడేస్తే వేరే గ్యాసు ఖర్చు కూడా లేదని చెప్పాను. నాలుగు ఉడికించినవి, ఆరు పచ్చివాటి కంటే ఎక్కువ ప్రొటీన్ ఇస్తాయి, రోజుకి రెండు గుడ్ల డబ్బు మిగులుతుంది. "చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు. పిన్నికి మాత్రం చూద్దాం అనే వీలు ఇవ్వలేదు. సీసా పక్కన పెట్టించి, రక్తపరీక్ష వారం వెనక్కి జరిపించాను. ల్యాబులో, డాక్టరు దగ్గరా బయోటిన్ వాడిన సంగతి చెప్పమని, మర్చిపోకుండా పాత రిపోర్టు మీదే పెన్నుతో రాసిచ్చాను.