రవాణా రుసుం సందేశంలో మూడు మాటలు

బేగం బజార్‌లో మిరియాలు, జీలకర్ర, ఎండు ఫలాలు టోకున అమ్మే అంగళ్లలో ధర మారితే వ్యాపారి మూడు సంగతులు చెబుతాడు: నిన్న ఎంత, నేడు ఎంత, ఎందుకు పెరిగింది. ఆ అంగళ్లలో పనిచేసే తండ్రులకు పాఠశాల పంపబోయిన సందేశంలో ఈ మూడింటిలో ఒక్కటీ సరిగా లేదు.

2025 ఫిబ్రవరిలో, అంటే హిజ్రీ 1446 షాబాన్ మాసంలో, మేము దీనీ పాఠాలు చెప్పే పాఠశాల నిర్వాహకులు ఒక చిత్తుప్రతిని మాకు చూపారు. "డీజిల్ ధరలు పెరిగినందున వచ్చే టర్మ్ నుండి రవాణా రుసుం స్వల్పంగా పెంచబడుతుంది. సహకరించగలరు" అన్నది దాని సారాంశం. "మౌలానా సాబ్, ఒక్కసారి చూసి సరిదిద్దండి" అన్నారు.

ముందుగా కారణం వద్దనే ఆగాము. దేశమంతటా డీజిల్ ధర 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయల మేర తగ్గింది. ఆ తరువాత 2025 ఫిబ్రవరి దాకా మన నగరంలో పెరగలేదు. సరుకు ట్రాలీలు నడిపే తండ్రులు ఆ సందేశం చదివిన క్షణమే అది నిజం కాదని గ్రహిస్తారు. మరి నిజమైన కారణమేమని అడిగితే నిర్వాహకులు చెప్పిన సంగతి వేరు. బేగం బజార్ సందుల్లో మధ్యాహ్నం సరుకు దింపే బండ్లు నిలిచి ఉంటాయి. వ్యాను లోపలికి వెళ్లలేదు. పిల్లలు పెద్ద రోడ్డు మీదే దిగి, హమాలీల బండ్ల మధ్యగా ఇళ్లకు నడుస్తున్నారు. అందుకని వారిని సందు దాకా చేర్చడానికి ఒక ఆయాను నియమించదలచారు. ఆమెకు నెలకు 6,000 రూపాయలు. వ్యానులో పిల్లలు ఇరవై మంది. ఒక్కొక్కరికి 300 రూపాయలు. ఇంత సబబైన కారణాన్ని దాచి డీజిల్ మీద నెట్టడం ఎందుకు?

రెండవది "వచ్చే టర్మ్" అన్న మాట. మన ఇళ్లలో ఒక బిడ్డ మదరసాలో, మరొక బిడ్డ పాఠశాలలో చదవడం సాధారణమే. మదరసా సంవత్సరం షవ్వాల్‌లో, అంటే ఆ ఏడు ఏప్రిల్‌లో మొదలవుతుంది. పాఠశాల సంవత్సరం జూన్‌లో. ఒకే మాటను ఒక తల్లి ఏప్రిల్ అనుకుంటుంది, మరొక తల్లి జూన్ అనుకుంటుంది. తేదీ వేస్తే ఆ చిక్కు ఉండదు.

ఫిఖ్హ్ పాఠాలలో ఈ వ్యవహారాన్ని ఇజారా అంటాము. అద్దెగానీ కూలిగానీ ఎంతో, ఎంత కాలానికో ఇరుపక్షాలకూ ముందే తెలిసి ఉండాలి. తెలియకపోవడమే తగాదాకు మూలం. కుదిరిన గడువు మధ్యలో ఒక పక్షం తనంతట తానే ధర మార్చరాదు. కనుక ఏప్రిల్ దాకా ఒప్పుకున్న పాత రుసుమే చెల్లాలి. ఆయా జూన్‌లో పనిలో చేరుతుంది కాబట్టి పెంపు కూడా ఆ రోజు నుంచే మొదలుకావాలి.

మూడవది "పెంచబడుతుంది" అన్న క్రియ. పెంచేవారు ఎవరో అందులో లేదు. నిర్ణయం తీసుకున్నవారు "పెంచుతున్నాము" అంటేనే, అడగదలచినవారికి ఎవరిని అడగాలో తెలుస్తుంది. "స్వల్పంగా" అన్న మాటనూ తొలగించాము. 300 రూపాయలు స్వల్పమో కాదో ఇచ్చేవారు చెప్పాలి.

చివరకు సందేశం ఇలా తయారైంది:

"అస్సలాము అలైకుమ్. వ్యాను రుసుం నెలకు 1,200 రూపాయల నుంచి 1,500 రూపాయలకు పెంచుతున్నాము. పిల్లలను పెద్ద రోడ్డు నుంచి మీ సందు దాకా చేర్చడానికి ఆయాను నియమిస్తున్నాము. ఆమె జీతానికే ఈ 300 రూపాయలు. డీజిల్ కోసం ఏమీ పెంచడం లేదు. కొత్త రుసుం 2025 జూన్ 12న పాఠశాల తెరిచిన నాటి నుంచి వర్తిస్తుంది. అంతవరకు పాత రుసుమే. వ్యాను వద్దనుకునేవారు, భారమనిపించినవారు ఏప్రిల్ 20లోగా కార్యాలయంలో చెప్పండి."

చివరి వాక్యం పట్ల నిర్వాహకులు సంకోచించారు, అందరూ వచ్చి తగ్గించమంటారేమోనని. వచ్చినవారు ఇద్దరే. ఒక తల్లి, పరీక్షల రోజుల్లో పిల్లలు త్వరగా వదిలినప్పుడు కూడా ఆయా ఉంటుందా అని అడిగింది. ఉంటుందని వ్రాతపూర్వకంగా తెలిపారు. రెండవవారు మసాలా అంగడిలో గుమాస్తా. ముగ్గురు ఆడపిల్లలకు కలిపి నెలకు 900 రూపాయలు అదనం. పెద్దమ్మాయిని వ్యాను మాన్పించాలనుకుంటున్నానని చెప్పారు. ఆ అమ్మాయి పెంపును పాఠశాల తానే భరించింది. తేదీ, మొత్తం ముందే తెలిసినందువల్లనే ఆయన జూన్‌లో బిడ్డను ఇంట్లో ఆపకుండా ఏప్రిల్‌లో వచ్చి అడగగలిగారు.