లిఫ్టు పక్కన అంటించిన కాగితం

మా అపార్ట్‌మెంటుకు ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, ఒకటే లిఫ్టు. జూన్ 3న దాన్ని ఆపేసిన సాయంత్రం సెక్రటరీగారు నోటీసు అంటించారు. "సాంకేతిక లోపం వలన లిఫ్టు పనిచేయుట లేదు. త్వరలో బాగుచేయించబడును. అసౌకర్యానికి చింతిస్తున్నాము." అంటించింది కింద, లిఫ్టు తలుపు పక్కనే. ఐదో అంతస్తులో మోకాలి ఆపరేషన్ చేయించుకున్న మామ్మగారు ఆ కాగితం చదవాలంటే మెట్లన్నీ దిగి రావాలి! బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ ఉత్తరాలే రాశానని, రెండో నోటీసు రాసే పని నామీద పడేశారు.

రాయాలంటే ముందు జరిగిందేమిటో తెలియాలి. టెక్నీషియన్ కుర్రాణ్ని పట్టుకుని పైన మెషిన్ రూమ్ దాకా వెళ్లాను. మాది పాతకాలపు గేర్ మెషిన్. మోటారు తిరిగితే దాని ఇరుసు మీదున్న మరలాంటి ఉక్కు ముక్క, కంచు పళ్ల చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతుంది. ఆ చక్రంతోపాటు తాళ్లు వేలాడే పెద్ద కప్పీ తిరుగుతుంది. కుర్రాడు గేర్ ఆయిల్‌ని తెల్లగుడ్డ మీద చుక్క వేసి చూపించాడు. అందులో బంగారు రజను మెరుస్తోంది. "పళ్లు అరిగిపోయి నూనెలో కలిశాయి సార్" అన్నాడు. ఆలోచిస్తే గుర్తులు మూడు నెలలుగా కనబడుతూనే ఉన్నాయి. బయల్దేరేటప్పుడు ఒక కుదుపు, ఆగేటప్పుడు ఇంకో కుదుపు, గడపకు రెండంగుళాలు కిందే ఆగడం. అందరం "పాత లిఫ్టు కదా" అనుకుని కాలు ఎత్తి దిగాం.

నోటీసు రాయకముందే ఒక వినతి వచ్చింది. "మొత్తానికి పాడవలేదు కదా, పెద్దవాళ్లను మాత్రం వాడనివ్వండి. ఒక్కొక్కరే ఎక్కుతారు, బరువుండదు." వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. కానీ లిఫ్టు లెక్క దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. క్యాబిన్‌కి ఎదురుగా తాళ్ల రెండో కొసన ఇనుప దిమ్మల బరువు వేలాడుతుంటుంది. ఖాళీ క్యాబిన్ బరువుకు ఎక్కించగలిగిన బరువులో దాదాపు సగం కలిపి ఆ దిమ్మల్ని పెడతారు. మాది ఆరుగురి లిఫ్టు, అంటే 408 కిలోలు. కాబట్టి ముగ్గురు ఎక్కితే రెండువైపులా తూకం సరిపోతుంది. ఒక్క మనిషే ఎక్కితే దిమ్మలవైపే సుమారు 140 కిలోలు ఎక్కువ. మా మెషిన్‌లో బ్రేక్ ఉండేది మోటారు ఇరుసు మీద. మధ్యలో కంచు పళ్లు ఊడిపోతే బ్రేక్ మోటారును పట్టుకుంటుంది కాని, కప్పీని ఆపలేదు. అప్పుడు ఒంటరిగా ఎక్కిన మామ్మగారు కిందపడరు, పైకి దూసుకుపోతారు. వేగం మించితే పట్టాలను కరచుకునే సేఫ్టీ మా పాత లిఫ్టులో కిందికి జారేటప్పుడే పనిచేస్తుంది, పైకి పోయేటప్పుడు కాదు. "లిఫ్టు మెయిన్ స్విచ్చికి తాళం వేశాము, ఎవరి కోసమూ తీయము" అన్న వాక్యం నోటీసులో మొదట పెట్టింది అందుకే. దాని కిందే కారణం కూడా రాశాను. కారణం రాయకపోతే తాళంచెవి కోసం వాచ్‌మన్‌ని రోజూ ఎవరో ఒకరు బతిమాలుతారు.

ఇక గడువు. కొత్త మెషిన్‌కి కంపెనీవాళ్లు నాలుగు వారాలన్నారు. ఈ నాలుగు వారాలు ఏ రోజునుంచి అన్నదే అసలు ప్రశ్న. జనం లిఫ్టు ఆగిన రోజునుంచి లెక్కపెట్టుకుంటారు. కంపెనీ మాత్రం సంతకం చేసిన ఆర్డరు, సగం అడ్వాన్సు చేతికందిన రోజునుంచి లెక్కపెడుతుంది. మాది సర్వీసు మాత్రమే ఇచ్చే ఏఎంసీ, స్పేర్ల ఖర్చంతా మాదే. కింది ఫ్లాట్లవాళ్లు "మేం లిఫ్టే ఎక్కం, మేమెందుకివ్వాలి" అన్నారు. ఆ వాదనకి మూడు రోజులు పోయాయి. ఆ మూడు రోజులూ నేరుగా వచ్చి గడువు చివర్లో కూర్చున్నాయి. నోటీసులో ఆ సంగతి ఎవరినీ నిందించకుండా తేదీలతోనే చెప్పాను.

"జూన్ 8 జనరల్ బాడీ ఆమోదం. జూన్ 11 అడ్వాన్సు చెల్లింపు. జూలై 9 కొత్త మెషిన్ రాక, ఇది కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన తేదీ. జూలై 10 నుంచి 12 వరకు పాతది దించడం, కొత్తది బిగించడం. 13, 14 కొత్త తాళ్లు, అంతస్తుల మట్టం సరిచేయడం. 15 బరువు పరీక్ష. 16 ఉదయం నుంచి వాడకం. 9వ తేదీ వాయిదా పడితే తర్వాతవన్నీ అన్ని రోజులే వాయిదా పడతాయి. మార్పు ఉన్నా లేకపోయినా ప్రతి ఆదివారం ఉదయం కొత్త కాగితం అంటిస్తాము."

తాళ్లు బాగానే ఉన్నాయిగా, వాటికెందుకు ఖర్చు అని ట్రెజరర్‌గారు అడిగారు. అరిగిన తాళ్లు కొత్త కప్పీ గాళ్లను తినేస్తాయని కుర్రాడు చెప్పాక ఒప్పుకున్నారు.

పెద్దవాళ్ల సంగతికి మొదటి చిత్తులో "సహాయం కావలసినవారు వాచ్‌మన్‌కు ఫోన్ చేయగలరు" అని ఉండేది. అది కొట్టేశాం. మన పెద్దవాళ్లు ఫోన్ చేయరు. "వాడికెందుకు పాపం శ్రమ" అని గుడి మానేస్తారు, నడక మానేస్తారు, ఆఖరికి డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా వచ్చే నెలకు వాయిదా వేసుకుంటారు. అందుకని మేమే తలుపులు తట్టి, ఎవరు ఏ రోజు ఏ వేళ కిందికి దిగక తప్పదో రాసుకున్నాం. నాలుగో అంతస్తు బాబాయిగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. వెళ్లేటప్పుడు ఎలాగో దిగినా, తిరిగొచ్చాక నీరసంతో ఒక్క మెట్టు ఎక్కలేరు. మొదటి అంతస్తులో ఖాళీగా ఉన్న ఫ్లాటు యజమాని అమెరికాలో ఉంటాడు. అడిగితే నెల రోజులకు ఇచ్చాడు. మంచం, ఫ్యాను, మందుల డబ్బా దించితే బాబాయిగారి సమస్య సగానికి పైగా తీరింది.

మామ్మగారు మాత్రం ఇల్లు కదలనన్నారు. ఫిజియోథెరపిస్టునే ఇంటికి పిలిపించాం, రక్తపరీక్షకు ల్యాబు మనిషి వస్తాడు. చెకప్‌కు తప్పదు గనక కుర్చీలో మోయాలి. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, ఎత్తగానే కాళ్లు విచ్చుకుంటాయి. చేతులున్న చెక్క కుర్చీకి నడుం దగ్గర బెల్టు కట్టి, ఒకరు వెనకనుంచి వీపు పట్టుకుని, ఇంకొకరు దిగువ మెట్టు మీద ముందు కాళ్లు పట్టుకోవాలి. కుర్చీ కాస్త వెనక్కి వాలి ఉండాలి. దిగినా ఎక్కినా మనిషి ముఖం కిందివైపే. మెట్ల మలుపుల్లో స్టూళ్లు వేశాం, దారికి అడ్డురాకుండా మూలకు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది ఒక కుర్రాణ్ని జీతానికి పెట్టాం. గ్యాస్ బండ, బియ్యం బస్తా అతని పని. పాలు, కూరలకు మూడో అంతస్తు పిన్నిగారు బాల్కనీనుంచి తాడు కట్టిన బుట్ట దించారు. దాన్ని చూసి ఇంకో నాలుగు బుట్టలు దిగాయి.

ఇవన్నీ పెద్ద అక్షరాల్లో రాసి ప్రతి అంతస్తులోనూ అంటించాం. జూలై 4న కంపెనీవాళ్లు ఫోన్ చేసి మెషిన్ 14కి గాని రాదన్నారు. ఆదివారం కాగితంలో ప్రతి తేదీ పక్కనా ఐదు కలిపి, పాత తేదీలు కనబడేలా గీత మాత్రమే కొట్టాం. కుర్రాడి జీతం, ఖాళీ ఫ్లాటు వాడకం ఐదు రోజులు పొడిగించామని కింద చేర్చాం. మామ్మగారి చెకప్ 17న ఉంది. మోసేవాళ్లిద్దరికీ నోటీసుతోపాటే ఆ కబురూ పంపాం.