ముందు ఆర్డరు, తర్వాతే రిపోర్టు

రిమాండ్ రిపోర్టు చేతికిస్తే ఎవరైనా మొదటి పేజీ నుంచే చదువుతారు. అక్కడ కథ ఉంటుంది మరి. ఫలానా తేదీన ఫిర్యాది స్టేషనుకి వచ్చి రిపోర్టు ఇచ్చాడు, క్రైం నంబరు కట్టారు, నమ్మదగిన సమాచారం మీద ముద్దాయిని పట్టుకున్నారు, విచారించగా నేరం ఒప్పుకున్నాడు. ఆరేడు పేజీలు గడిచేసరికి చదివేవాడి బుర్రలో కేసు తేలిపోతుంది. చివర్లో మేజిస్ట్రేటు గారు చేత్తో రాసిన పది లైన్లు ఆ కథకి శుభం కార్డులా కనిపిస్తాయి.

మా సీనియర్ గారు జూనియర్లకి దీన్ని తిరగేసి నేర్పేవారు. ముందు ఆర్డరు చదవాలి, తర్వాత మన తరఫు కౌంటరు, అన్నిటికన్నా చివర పోలీసుల కాగితం. "కథ ముందు చదివావంటే ఆర్డర్లో లేనివి కూడా ఉన్నట్టే కనిపిస్తాయి నాయనా" అనేవారు. క్లయింటు ఇంటివాళ్లకి అర్థమయ్యేలా తెలుగులో ఒక పేజీ నోట్ రాసే పని ఆఫీసులో నాది. పోలీసులు ఏ కారణాలు చెప్పారు, కోర్టు ఎన్నాళ్ల కస్టడీ ఇచ్చింది, మన అభ్యంతరాలు ఆర్డర్లోకి ఎక్కాయా లేదా, ఈ మూడూ అందులో ఉండాలి. వినడానికి గుమాస్తా పనే. కానీ ఈ మూడూ మూడు వేర్వేరు గొంతులు. ఒకరి మాట ఇంకొకరి నోట్లో పెట్టకుండా పేజీ పూర్తిచేయడం ఎంత కష్టమో ఒక కేసు కాగితాల దగ్గర బాగా తెలిసొచ్చింది. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతాను.

ఆన్‌లైన్ పెట్టుబడి పేరుతో జరిగిన మోసం అది. మా క్లయింటు ఏ2. కమీషనుకి ఆశపడి తన పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి వేరేవాళ్లకి అప్పగించాడన్నది ఆరోపణ. సెక్షన్లు భారతీయ న్యాయ సంహితలో 318(4), 319(2), ఐటీ చట్టంలో 66డి. వీటిలో పెద్ద శిక్ష ఏడేళ్లే. మార్చి 10 సాయంత్రం ఆరున్నరకి అరెస్టు చూపించి, మర్నాడు సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు గారి ముందు హాజరుపరిచారు.

సీనియర్ గారు చెప్పిన వరసలోనే ముందు ఆర్డరు చదివాను. ముద్దాయిని ఎన్ని గంటలకి హాజరుపరిచారో ఉంది. అరెస్టు కారణాలు అతనికి తెలియజేసినట్టు, బంధువుకి కబురు చేసినట్టు, వైద్య పరీక్ష సర్టిఫికెట్ చూసినట్టు ఉంది. పోలీసులు కొట్టారా అని అడిగితే లేదన్నాడని ఉంది. నోటీసు ఇచ్చి వదిలేయాల్సిన కేసులో అరెస్టు చేశారని డిఫెన్స్ వకీలు అభ్యంతరం చెప్పారనీ, అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు చెక్‌లిస్టులో చూపించారు కాబట్టి ఆ అభ్యంతరం నిలవదనీ ఒకే వాక్యంలో ఉంది. ప్రాథమికంగా ఆధారాలు కనిపిస్తున్నందున మార్చి 25 వరకు జుడీషియల్ కస్టడీ. అంతే. నేరం ఒప్పుకోలు ఊసే లేదు.

కాబట్టి నా నోట్‌లోనూ 'నేరం ఒప్పుకున్నాడు' అన్న మాట కోర్టు పేరు మీద రాకూడదు. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు ముద్దాయి మీద సాక్ష్యంగా పనికిరాదు. దాని వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకు మాటకే విలువ. 'పోలీసుల కథనం ప్రకారం ఒప్పుకున్నాడు, ఆర్డర్లో ఆ ప్రస్తావన లేదు' అని రాస్తే చదివేవాళ్లకి ఏ మాట ఎవరిదో తెలుస్తుంది.

ఇక చెక్‌లిస్టు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో ఊరికే అరెస్టు చేయకూడదు, ఎందుకు అవసరమో రాసి మేజిస్ట్రేటుకి చూపించాలి అని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 35వ సెక్షన్లో ఆ కారణాలున్నాయి. మళ్లీ నేరం చేయకుండా ఆపడానికి, దర్యాప్తు సరిగ్గా సాగడానికి, సాక్ష్యాలు చెరిపేయకుండా, సాక్షుల్ని బెదిరించకుండా, కోర్టుకి హాజరవుతాడన్న భరోసా లేనప్పుడు. మా క్లయింటు కాగితంలో ఈ అయిదింటికీ టిక్కులున్నాయి. అయిదింటికీ అచ్చు వేసిన వాక్యాలే. ఒక్కచోట మాత్రం పెన్నుతో చేర్చిన లైనుంది: ఏ3, ఏ4 పరారీలో ఉన్నారు, ఏ2 బయట ఉంటే వాళ్లకి ఫోన్ చేసి జాగ్రత్తపడమంటాడు.

నోట్‌లో పోలీసులు చెప్పిన కారణంగా ఎత్తి రాయాల్సింది ఆ పెన్ను లైనే. 2024లో ప్రబీర్ పురకాయస్థ తీర్పు అరెస్టు గురించి ఇలాంటి తేడానే చెప్పింది. ఎవరికైనా వర్తించే మామూలు కారణాలు వేరు, ఈ మనిషికి సంబంధించిన ఆధారాలు వేరు. నేను దాన్ని చదవడానికి ఒక కొలతగా పెట్టుకున్నాను. ముద్దాయి పేరు మార్చి ఇంకో కేసులో పెట్టినా సరిపోయే వాక్యమైతే, 'మామూలు కారణాలు అయిదూ పేర్కొన్నారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాను. సరిపోని వాక్యమైతే పూర్తిగా రాస్తాను. బెయిల్ వాదన జరిగేది దాని మీదే కదా.

తర్వాత కౌంటరు, మిగతా కాగితాలు తిరగేస్తుంటే మధ్యవర్తుల నివేదిక దగ్గర ఆగాను. అదే, పంచనామా. ఏ2 సమక్షంలో అతని సెల్‌ఫోన్ స్వాధీనం చేసుకున్నట్టు రాసి, కింద సమయం వేశారు: మధ్యాహ్నం 1.15. అరెస్టు చూపించింది సాయంత్రం 6.30కి. అరెస్టు చేసినవాడిని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకి తేవాలి. ఆరున్నర నుంచి లెక్కేస్తే మర్నాడు నాలుగింటికి హాజరుపరచడం గడువులోపే. ఒంటిగంటంబావు నుంచి లెక్కేస్తే 26 గంటలు దాటింది. స్టేషనూ కోర్టూ ఒకే ఊళ్లో ఉన్నాయి, ప్రయాణం అనే సాకు కూడా లేదు.

మా వకీలు ఆ రోజు నోటితో ఈ మాట చెప్పారు. ఆర్డర్లో లేదు. అడిగి చెప్పింది వేరు, రాతలోకి ఎక్కింది వేరు. అందుకని నోట్‌లో అభ్యంతరాల దగ్గర రెండు పేరాలు పెట్టాను. మొదటిదాంట్లో ఆర్డరు ప్రస్తావించిన నోటీసు సంగతి, దానికి కోర్టు ఇచ్చిన జవాబు. రెండోదాంట్లో 24 గంటల సంగతి, 'వినిపించారు, ఆర్డరు చర్చించలేదు' అని. అక్రమ నిర్బంధం జరిగిందని మాత్రం రాయలేదు. అది తేల్చాల్సింది కోర్టు. రెండు కాగితాల మీద రెండు సమయాలున్నాయని చెప్పడం వరకే నా పని.

మార్చి 14న పోలీసులు ఏడు రోజుల కస్టడీ కోరుతూ వేరే పిటిషన్ వేశారు. రిమాండ్ వేరు, ఇది వేరు. ఇందులో ముద్దాయిని జైలు నుంచి తెచ్చుకుని తమ దగ్గర విచారించుకుంటారు. ఫోను రికవరీ చేయాలి, ఖాతాల్లో డబ్బు ఎటు పోయిందో తెలుసుకోవాలి, పరారీలో ఉన్నవాళ్ల ఆచూకీ రాబట్టాలి. ఇవీ చూపిన కారణాలు. ఫోను మీ దగ్గరే ఉందని మీ పంచనామాయే చెబుతోంది కదా అని మా కౌంటరు. ఖాతా వివరాలకి బ్యాంకుకి నోటీసు ఇస్తే చాలన్నారు. క్లయింటుకి షుగరు ఉందని ప్రిస్క్రిప్షన్ జతచేశారు.

18న ఆర్డరొచ్చింది. పిటిషన్ అనుమతించారు అని కోర్టు హాల్లో చెప్పుకున్నారు. నిజమే, కాకపోతే పాక్షికంగా. ఏడు అడిగితే మూడు ఇచ్చారు. 19వ తేదీ ఉదయం పదింటి నుంచి 21 సాయంత్రం అయిదింటి వరకు. వెళ్లేముందు, తిరిగొచ్చాక వైద్య పరీక్ష, విచారణ కనిపించేంత దూరంలో వకీలు, వేళకి మందులు. పోలీసు కస్టడీ ఇచ్చినప్పుడు కారణాలు రాయాలని చట్టం చెబుతుంది. మేజిస్ట్రేటు గారు రాసిన కారణం ఒక్కటే, పరారీలో ఉన్నవాళ్ల ఆచూకీ. షుగరు సంగతి షరతుల్లోకి వచ్చింది. బ్యాంకు సంగతికి, దర్యాప్తు ఎలా చేయాలో పోలీసుల ఇష్టమని జవాబు. ఫోను సంగతి మీద ఒక్క ముక్క లేదు. ముందు పిటిషన్ చదివి ఉంటే, ఫోను రికవరీ కోసమే కస్టడీ ఇచ్చారని రాసేసేవాళ్లు చాలామందే ఉంటారు. మర్నాడు జిల్లా పేజీలో వచ్చిన వార్త అలాగే ఉంది కూడా.

ఇంటివాళ్లకి అన్నిటికన్నా అక్కరకొచ్చేది తేదీలు. "మూడు రోజులయ్యాక ఇంక పోలీసులు తీసుకెళ్లరు కదండీ?" అని క్లయింటు నాన్నగారు అడిగారు. పాత చట్టంలోనైతే మార్చి 25 దాటితే తీసుకెళ్లరని చెప్పేవాళ్లం. మొదటి 15 రోజులు దాటితే పోలీసు కస్టడీ లేదని 1992లో అనుపమ్ కులకర్ణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్ 187వ సెక్షన్ ఆ లెక్క మార్చింది. మొత్తం 15 రోజులకి మించకూడదు గానీ, 60 రోజుల గడువున్న కేసుల్లో మొదటి 40 రోజుల్లో ఎప్పుడైనా, విడతలుగా అడగొచ్చు. రిమాండ్ ఇచ్చిన రోజుని కూడా లెక్కలో కలపాలని 2023లో కపిల్ వాధ్వాన్ కేసులో 60, 90 రోజుల గడువు విషయమై చెప్పారు. అలా లెక్కేస్తే మార్చి 11 మొదటి రోజు. నలభయ్యోది ఏప్రిల్ 19. అరవయ్యోది మే 9. అంటే ఇంకా 12 రోజుల పోలీసు కస్టడీ అడిగే వీలు ఏప్రిల్ 19 దాకా ఉంది. చెప్పడానికి నోరు రాలేదు, అయినా అదే రాసిచ్చాను.

ఆ పేజీ కింద చివరి లైను మే 10 గురించి. 9వ తేదీలోపు చార్జిషీటు పడకపోతే మర్నాటి నుంచి బెయిలుకి హక్కు వస్తుంది. కానీ అది దానంతటది రాదు, పిటిషన్ వేసి అడగాలి. ఈలోపు చార్జిషీటు వేసేస్తే ఆ హక్కు పోతుంది. మీ ఇంట్లో వాళ్లెవరైనా రిమాండులో ఉంటే వకీలు గారిని 'ఎన్ని రోజులు' అని అడిగి ఊరుకోకండి. రిమాండ్ రిపోర్టుతో పాటు ఆర్డరు కాపీ, కౌంటరు కాపీ తీసుకోండి. పోలీసు కస్టడీ అడగడానికి చివరి తేదీ, చార్జిషీటు గడువు తేదీ, ఈ రెండూ క్యాలెండరు మీద గుర్తు పెట్టించుకోండి.