వరదలో దివ్యాంగులు: జాబితా పడవ ఎక్కాలి

విపత్తు నిర్వహణ జవాబుల్లో మనం "దివ్యాంగులు తదితర బలహీన వర్గాలు" అని ఒక ముక్క రాసేసి ముందుకెళ్లిపోతాం. నేను ఉండేది భిలాయ్‌లోనే అయినా, ఈ ముక్కను అర్థం చేసుకోవడానికి విజయవాడనే తీసుకుంటాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. ఆ రోజు ఆదివారం కావడంతో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పంపిణీ ఆగస్టు 31నే మొదలుపెట్టారు. అంటే నడవలేని మనిషి ఏ ఇంట్లో ఉన్నాడో, చూపులేని అమ్మ ఏ వీధిలో ఉందో సచివాలయం దగ్గర చిరునామాతో సహా ఉంటుంది. అలాంటి జాబితా పడవ నడిపేవాడి చేతికి చేరాలి.

చేరకపోతే ఏమవుతుందో చూడండి. అప్పుడు డ్రోన్లతో డాబాల మీదకు ఆహారం దించారు. మంచి ఆలోచనే, కానీ కింది వాటాలో చక్రాల కుర్చీలో ఉన్నవాడికి డాబా అందదు. ఫ్లైఓవర్ దగ్గర పంచే పొట్లం నీళ్లలో నడిచి రాగలిగినవాడికే దక్కుతుంది. మైకులో చెప్పే హెచ్చరిక వినికిడి లేనివారికి చేరదు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 8 ఇక్కడే పనికొస్తుంది. జిల్లాలోని దివ్యాంగుల వివరాలను జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ నమోదు చేసి ఉంచాలి, ముప్పు వస్తే వారికి తెలియజేయాలి. ఆ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. నేనైతే పింఛను జాబితాను ముంపు పటంతో కలిపి, ప్రతి పేరు పక్కన మూడు సంగతులు రాయిస్తాను: ఏ అంతస్తు, తోడు ఎవరు, ఏ పరికరం. మనిషిని ఎత్తుకొచ్చి కుర్చీని వదిలేస్తే, శిబిరంలో ఆయన మరుగుదొడ్డికి కూడా ఇంకొకరి కోసం ఎదురుచూడాలి. ఆ మరుగుదొడ్డికి మెట్లుంటే కుర్చీ తెచ్చినా లాభం లేదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు కావాలి.

పని జరిగిందో లేదో శిబిరం రిజిస్టరు చూస్తే కొంత తెలుస్తుంది. 2011 జనగణన ప్రకారం దివ్యాంగులు 2.21 శాతం. వెయ్యి మంది ఉన్న శిబిరంలో సుమారు 22 మంది కనిపించాలి. ఇద్దరే కనిపిస్తే, ముందు అనుమానించాల్సింది మిగతావాళ్లు ఇంకా ఇళ్లలోనే ఉన్నారని.

అయితే పింఛను జాబితాకూ ఒక చిల్లు ఉంది. అది మా భిలాయ్‌లో బాగా కనిపిస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. కొందరి ధ్రువపత్రం, పింఛను ఊళ్లోనే ఉంటాయి; మనిషి మాత్రం ఇక్కడ అద్దె గదిలో ఉంటాడు. రేపు శివనాథ్ పొంగితే దుర్గ్ జిల్లా జాబితాలో ఆయన పేరు ఉండదు. సింగ్‌నగర్ లాంటి చోట అద్దెకుండే కూలీదీ ఇదే పరిస్థితి. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది, కానీ అందులో చిరునామా పాతదే అయితే పడవ పాత ఊరికే వెళుతుంది. కాబట్టి వర్షాకాలానికి ముందు అద్దె ఇళ్లను తిరిగి చూసే పని అంగన్‌వాడీ కార్యకర్తకో మితానిన్ దీదీకో అప్పగించాలని జవాబులో రాయండి. ఛత్తీస్‌గఢ్‌లో ఆశా కార్యకర్తను మితానిన్ అనే పిలుస్తారు.