తొమ్మిదంగుళాల గోడకి ఎన్ని ఇటుకలు?

రాజమహేంద్రవరం నుంచి వేమగిరి మీదుగా కడియం వైపు వెళ్తుంటే నర్సరీల పచ్చదనం మధ్యమధ్య ఇటుక బట్టీలు కనిపిస్తాయి. మిల్లుల్లో వడ్లాడించగా మిగిలిన ఊకతో కాల్చే బట్టీలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. అలాంటి బట్టీకి దగ్గర్లోనే ఓ ఇల్లు కడుతున్నారని తెలిసి అక్కడికి వెళ్ళాం. పునాది పూర్తయింది, గోడలు లేవబోతున్నాయి. ఇటుకలకి ఆర్డరు ఇవ్వాలి. ఇంటి యజమాని, తాపీ మేస్త్రి కలిసి ముందు గోడకి లెక్క కడుతున్నారు.

గోడ పొడవు 30 అడుగులు, ఎత్తు 10 అడుగులు, మందం 9 అంగుళాలు. ఒక గుమ్మం, రెండు కిటికీలు. యజమాని అప్పటికే ఓ లెక్క వేసుకుని వచ్చారు. మేస్త్రి దాన్ని పక్కన పెట్టేశారు. “ముందు ఇటుక చూద్దామండీ, అంకెలు తర్వాత” అన్నారాయన.

ఆ మాటకి కారణం ఉంది. ప్రభుత్వ అంచనాల్లో ఘనపు మీటరుకి 500 ఇటుకలని రాస్తారు. అది 19 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు, 9 ఎత్తు ఉండే మాడ్యులర్ ఇటుకకి సరిపోయే లెక్క. సిమెంటు మాలు సెంటీమీటరు కలిపితే ఆ ఇటుక 20, 10, 10 అవుతుంది, ఘనపు మీటరులో సరిగ్గా 500 పడతాయి. బట్టీలో చేత్తో అచ్చు వేసిన నాటు ఇటుక కొలత వేరు. మట్టి ఆరేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది, కాలేటప్పుడు మరికొంత. మంటకి దగ్గరగా ఉన్నది ఎక్కువ తగ్గుతుంది. అందుకని ఒక్క ఇటుకని కొలిచి లెక్క వేస్తే మోసపోతాం. భారత ప్రమాణాల సంస్థ పద్ధతి ప్రకారం 20 ఇటుకలు వరసగా పేర్చి మొత్తం కొలవాలి.

మేస్త్రీ అదే చేశారు. గుట్ట పైనుంచి కొన్ని, అడుగునుంచి కొన్ని ఏరి, నేల మీద దారం కట్టి పేర్పించారు. పొడవు వైపు 20 కలిపి 15 అడుగులు వచ్చింది. వెడల్పు వైపు 7 అడుగులు, ఎత్తు వైపు 5 అడుగులు. అంటే ఇటుక సగటున 9 అంగుళాల పొడవు, 4.2 వెడల్పు, 3 ఎత్తు. మధ్యలో మాలు 10 మిల్లీమీటర్లు, అంటే సుమారు 0.4 అంగుళం. ప్రమాణాలు చెప్పే గరిష్ఠ మందం కూడా అంతే. మాలు అంతకన్నా దట్టంగా వేస్తే ఇటుక ఆదా అయినట్టు కనిపిస్తుంది కానీ సిమెంటు ఎక్కువ పడుతుంది, గోడ బలం తగ్గుతుంది.

ఇక్కడ యజమాని వేసిన ఘనపుటడుగుల లెక్కకీ, మేస్త్రి వరసల లెక్కకీ తేడా వచ్చింది. మాలుతో కలిపి ఇటుక 9.4, 4.6, 3.4 అంగుళాలు. 1,728 ఘనపు అంగుళాలని ఆ మూడింటి లబ్ధంతో భాగిస్తే ఘనపుటడుగుకి సుమారు 11.75 ఇటుకలు. పుస్తకాల్లో ఉండే పద్ధతి ఇదే. అయితే ఈ లెక్క ప్రతి ఇటుకకి పొడవు చివరా మాలు ఉంటుందనుకుంటుంది. తొమ్మిదంగుళాల గోడలో అడ్డంగా పెట్టిన ఇటుక గోడ మందమంతా తనే ఆక్రమిస్తుంది, దాని రెండు చివర్లూ బయటికే కనిపిస్తాయి. అక్కడ మాలు ఉండదు. మరి లేని మాలుకి చోటు ఇచ్చామన్నమాట.

మేస్త్రి మాత్రం గోడ కట్టే క్రమంలోనే లెక్కపెట్టారు. ఇంగ్లిష్ బాండులో ఒక వరస నిడివిగా, తర్వాతి వరస అడ్డంగా పడుతుంది. నిడివి వరసలో ప్రతి 9.4 అంగుళాలకి పక్కపక్కన రెండు ఇటుకలు, 30 అడుగులకి దాదాపు 77. అడ్డ వరసలో ప్రతి 4.6 అంగుళాలకి ఒకటి, అవి 78. వరస ఎత్తు 3.4 అంగుళాలు కనుక పది అడుగుల ఎత్తుకి 35 వరసల పైచిలుకు. మొత్తం 2,730 దాకా, చదరపు అడుగుకి 9.1. గుర్తు పెట్టుకోవలసింది ఈ చివరి అంకె ఒక్కటే. మిగతాదంతా గోడ ముఖం మీద విస్తీర్ణం కొలవడమే.

ఇక తీసివేతలు. యజమాని తన కాగితంలో గుమ్మాన్ని తలుపు రెక్క కొలతతో రాసుకున్నారు: 3 అడుగులు, ఆరుమ్ముప్పావు అడుగులు. గోడలో ఖాళీ వదిలేది రెక్కకి కాదు, ద్వారబంధానికి. పక్కలా పైనా మూడేసి అంగుళాల కర్ర ఉంది కనుక బయటి కొలత మూడున్నర అడుగులు, ఏడడుగులు. రెక్క కొలతతో తీసేస్తే 20.25 చదరపు అడుగులు, బంధం కొలతతో 24.5. ఒక్క గుమ్మం దగ్గరే 39 ఇటుకల తేడా. కిటికీలు రెండూ నాలుగడుగుల చదరాలు, కలిపి 32. ఖాళీలన్నీ 56.5 చదరపు అడుగులు.

యజమాని అక్కడితో ఆపేశారు. మేస్త్రి ఆపలేదు. గుమ్మం మీదా కిటికీల మీదా లింటళ్ళు వస్తాయి, అది కాంక్రీటు, దాని జాగాలో ఇటుక పడదు. లింటలు ఇరుపక్కలా ఆరేసి అంగుళాలు గోడలోకి వెళ్ళాలి, ఎత్తు ఆరంగుళాలు. గుమ్మం మీదిది నాలుగున్నర అడుగులు, కిటికీల మీదివి అయిదేసి అడుగులు. మూడింటి ముఖం 7.25 చదరపు అడుగులు, 66 ఇటుకలు. ఇంటి చుట్టూ లింటలు బీము వేస్తే మొత్తం పొడవున అర అడుగు ఎత్తు తీసెయ్యాలి. వెంటిలేటరు పైపుల్లాంటి చిన్న కంతలకి మాత్రం తీసివేత అక్కర్లేదు. 0.1 చదరపు మీటరు దాకా, అంటే సుమారు చదరపు అడుగు వరకు వదిలెయ్యమని కొలతల ప్రమాణమే చెబుతోంది.

అన్నీ పోగా మిగిలింది 236.25 చదరపు అడుగులు. 9.1తో హెచ్చిస్తే 2,150. పుస్తకం పద్ధతిలో ఇదే గోడకి 2,082 వస్తుంది. ఆ 68 ఇటుకల తేడా గోడ కట్టే రోజున తక్కువై తేలుతుంది.

ఖాళీలు ఇటుకలని తగ్గిస్తాయి, నిజమే. అవే ఇటుకలని పగలగొట్టిస్తాయి కూడా. గుమ్మం అంచు దగ్గర అడ్డ వరసలో మొదటి ఇటుక పక్కన, పొడవునా చీల్చిన సన్న ముక్క పెట్టకపోతే పైవరస కీలు కింది కీలు మీదే పడి గోడ నిలువునా బీట తీస్తుంది. గుమ్మం ఏడడుగుల్లో 25 వరసలు, వాటిలో ఒకటి విడిచి ఒకటి ఇలాంటివి. అంచుకి పన్నెండు చొప్పున గుమ్మానికి 24, కిటికీల నాలుగు అంచులకి ఏడేసి చొప్పున 28, మొత్తం 52 ముక్కలు. మేస్త్రి తాపీ అంచుతో గీత పెట్టి ఒక్క దెబ్బ వేస్తే ఒక ఇటుక చక్కగా రెండుగా చీలింది. రెండోది మూడు పెంకులైంది. బాగా కాలినది ఖంగుమని మోగి గీత వెంటే చీలుతుందనీ, సరిగ్గా కాలనిది మొద్దు శబ్దం చేసి పొడి రాలుతుందనీ చూపించారు. గోడంతటికీ 5 శాతం తరుగు వేసుకున్నారు, అంటే 108. ఖాళీలు లేని గోడకైతే అందులో సగం చాలునన్నది ఆయన మాట. మొత్తం 2,258.

మిగిలిన మూడు గోడల దగ్గర యజమాని మరో చోట తడబడ్డారు. నాలుగు గోడలనీ బయటి కొలతతోనే రాశారు. అలా రాస్తే ఒక్కో మూలలో 9 అంగుళాల ముక్క రెండుసార్లు వస్తుంది. పది అడుగుల ఎత్తున అది ఏడున్నర చదరపు అడుగులు, అంటే 68 ఇటుకలు. నాలుగు మూలలకి 270 పైనే. “పొడుగు గోడలు రెండూ బయటినుంచి, పొట్టి గోడలు రెండూ లోపలినుంచి కొలుచుకోండి బాబుగారూ” అన్నారు మేస్త్రి. యజమాని కాగితం తిప్పి, పొట్టి గోడలకి ఒకటిన్నర అడుగు చొప్పున కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టారు.

ముందు గోడకి మాత్రం 2,300కి ఖాయం చేశారు. ట్రాక్టరు వచ్చాక దించిన ఇటుకలని 10 పొడవున, 5 వెడల్పున, 23 వరసల ఎత్తున రెండు గుట్టలుగా పేర్పించాలనీ, అలా అయితే ఒక్కో గుట్టలో 1,150 ఉంటాయనీ, విరిగినవి పేర్చకముందే పక్కకి తీయించాలనీ మేస్త్రి డ్రైవరుకి ఫోనులో చెప్పారు.